మేత లోడుకు రెండు బండ్లు కొంటే నెలకు ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది కావలి. ఒక పికప్ సొంతంగా తోలుకుంటున్నా. రొయ్యల మేత డీలర్ ఒకాయన "నెలకు 40 ట్రిప్పులు ఇస్తా, బండ్లు పెట్టుకో" అంటున్నాడు. నెల్లూరు అవతల ఫ్యాక్టరీలో లోడింగ్, ఉలవపాడు వైపు చెరువుల దగ్గర అన్‌లోడింగ్. రానూపోనూ 200 కిలోమీటర్లు, ట్రిప్పుకు 6,000 కిరాయి. రెండు 14 అడుగుల బండ్లు తీసుకుందామనుకుంటున్నా. ఒక్కోటి బాడీతో కలిపి 17 లక్షలు. 4 లక్షలు కడితే మిగతా 13 లక్షలు ఫైనాన్స్, 7 శాతం వడ్డీ, ఐదేళ్లు, నెలకు 29,250 కంతు. చేతిలో 8 లక్షలున్నాయి. డీజిల్ కిలోమీటరుకు 11 రూపాయలు, డ్రైవర్‌కు 18 వేలు వేసుకున్నా. అన్నీ పోను రెండు బండ్ల మీద 57 వేలు మిగులుతున్నాయి. తీసుకోవచ్చా?

జవాబు:

ఒక బండి తీసుకోండి. రెండోది ఇప్పుడే వద్దు. ఒంగోలులో 19 ఏళ్లుగా బండ్లు తిప్పుతున్నా. ఇదే తప్పు నేనూ ఒకసారి చేశాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

మీ డీజిల్ లెక్క కరెక్టే. 14 అడుగుల బండి లోడుతో లీటరుకు 8, ఖాళీగా 10 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 100 లోడు, 100 ఖాళీ అంటే ట్రిప్పుకు 22.5 లీటర్లు. లీటరు 97 చొప్పున కిలోమీటరుకు 11 రూపాయలకు కాస్త అటూ ఇటూ వస్తుంది. మీరు మర్చిపోయింది డీజిల్‌తో పాటే అరిగేవాటిని. ఆరు టైర్ల సెట్టుకు 78 వేలు పెట్టి, అది 60 వేల కిలోమీటర్లు వచ్చిందనుకుంటే కిలోమీటరుకు 1.30. సర్వీసు, బ్రేకు లైనింగులు, క్లచ్, కట్టలు, చిన్నాచితకా రిపేర్లకు 1.40. బీఎస్6 బండికి మనవాళ్లు యూరియా అనే ఆ ద్రవానికి 30 పైసలు. మొత్తం కిలోమీటరుకు 14 రూపాయలు, ట్రిప్పుకు 2,800. దీని మీద డ్రైవర్ బత్తా 300, టోల్ 400, కాటా, హమాలీల టీ ఖర్చు ఇంకో 100. వెరసి బండి కదిలితే అయ్యే ఖర్చు 3,600. మీ 6,000లో చేతికొచ్చేది 2,400.

కొత్త బండికి టైర్ల ఖర్చు మొదటి ఏడాది కనపడదు. అందుకే అందరూ దాన్ని వదిలేస్తారు. నెలకు 5,000 కిలోమీటర్లు తిరిగే బండికి సరిగ్గా ఏడాది తిరిగేసరికి 78 వేల బిల్లు ఒక్కసారిగా మీద పడుతుంది. అదే సమయానికి ఇన్సూరెన్స్ రెన్యువల్ కూడా వస్తుంది. చిన్న ఓనర్లు కంతు తప్పేది చాలావరకు ఆ పదమూడో నెలలోనే.

ఇక బండి ఇంటి ముందు నిలబడినా తప్పని ఖర్చు: కంతు 29,250, డ్రైవర్ జీతం 18,000, ఇన్సూరెన్స్ ఏడాదికి 48 వేలు అనుకుంటే నెలకు 4,000, ట్యాక్స్, పర్మిట్, ఎఫ్‌సీ, పొల్యూషన్ కలిపి 1,500, పార్కింగు, ఫోను, వాటర్ వాష్ లాంటివి 1,250. మొత్తం 54,000.

54,000ను 2,400తో భాగించండి, 22.5 వస్తుంది. అంటే ఒక బండి నెలకు 23 ట్రిప్పులు కొడితే తప్ప ఖర్చులు గిట్టవు. 40 ట్రిప్పులను రెండు బండ్లకు పంచితే ఒక్కోదానికి 20. ఒక్కో బండి మీద 6,000, రెండింటి మీద 12,000 నెలనెలా చేతి నుంచి పెట్టుకోవాలి. మీ 57 వేలు ఇలా మైనస్‌లోకి పోయాయి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. కంతు అంతా ఖర్చు కాదు, అందులో కొంత బండి రూపంలో మనకే మిగులుతుంది. 17 లక్షల బండి ఐదేళ్లకు ఆరున్నర లక్షలు పలికిందనుకుంటే, అరుగుదల నెలకు 17,500, వడ్డీ సగటున 7,583. అంటే అసలు ఖర్చు 25 వేల చిల్లర. కంతులో మిగతా 4 వేల చిల్లర పొదుపు కిందే లెక్క. కానీ ఐదేళ్ల తర్వాత చేతికొచ్చే ఆ పొదుపును చూపించి ఈ నెల కంతు ఆపమంటే ఫైనాన్స్ వాళ్లు ఆపరు కదా.

అదే ఒక్క బండి ఉంటే? పొద్దున ఫ్యాక్టరీ దగ్గర క్యూ, మధ్యాహ్నం రెండు మూడు చెరువుల దగ్గర దించడం, ఇదంతా కలిపి రోజుకు ఒక్క ట్రిప్పే. ఆదివారాలు, సర్వీసు రోజు, ఫ్యాక్టరీ సెలవు పోను నెలకు 25 పడుతుంది. 25 ట్రిప్పుల మీద 60,000 వస్తుంది, 54,000 పోను 6,000 మిగులు. మిగిలిన 15 ట్రిప్పులకు బయటి బండి పెట్టండి. 5,500 ఇచ్చి 500 మీరు ఉంచుకుంటే 7,500. మొత్తం 13,500. అవే 40 ట్రిప్పులు, అదే డీలర్. రెండు బండ్లతో 12,000 నష్టం, ఒక బండితో 13,500 లాభం.

ఇది డీలర్ మాట నిలబెట్టుకున్న నెల లెక్క. అసలు భయం మిగతా నెలలది. మేత లోడు బియ్యం లోడు లాంటిది కాదు. వనామీ పిల్ల వదిలిన మొదటి నెలలో చెరువు తినే మేత చాలా తక్కువ. రెండు నెలలు దాటాకే బస్తాలు గబగబా కరిగిపోతాయి. మూడు, నాలుగు నెలల మధ్య పట్టుబడి అయిపోతే ఆ చెరువుకు మేత సున్నా. ఎకరాకు రెండున్నర టన్నుల రొయ్య తీసే రైతు కిలో రొయ్యకు 1.4 కిలోల మేత వేశాడనుకుంటే, పంట మొత్తానికి మూడున్నర టన్నులు. అంటే ఎకరా చెరువు పంటకాలమంతా తినేది మీ బండికి ఒక్క లోడు కూడా నిండదు! 40 ట్రిప్పులు రావాలంటే ఆ డీలర్ కింద ఎన్ని ఎకరాలుండాలో, వాటిలో ఎన్ని ఒకే నెలలో పెద్ద మేత మీద ఉండాలో ఆలోచించండి. వైట్‌స్పాట్ రోగం తగిలితే రైతు నలభై రోజుల రొయ్యనైనా రాత్రికి రాత్రి పట్టేస్తాడు, మర్నాటి నుంచి లోడు ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు రేటు భయానికి పిల్ల వదలడానికే వెనకాడిన రైతులు మా వైపు ఉన్నారు. దానికి మీరూ నేనూ చేయగలిగింది ఏమీ లేదు.

అందుకని డీలర్‌ను "నెలకు ఎన్ని ట్రిప్పులు" అని అడగొద్దు. గత ఏడాది ఫ్యాక్టరీ ఇన్‌వాయిస్‌లు నెలవారీగా చూపించమనండి. టన్నులను 4తో భాగిస్తే నెలకెన్ని లోడ్లో వస్తుంది. నిజంగా బండ్లు కావాల్సినవాడైతే చూపిస్తాడు. చూపించకపోతే 40 అనేది అతని మంచి నెల అంకె అనుకోవచ్చు.

ఉదాహరణకు ఐదు నెలలు 40, నాలుగు నెలలు 25, మూడు చలి నెలలు 10 ట్రిప్పులు వచ్చాయనుకుందాం. రెండు బండ్లు కొన్నవాడికి మంచి నెలల్లో 12,000 చొప్పున 60 వేలు పోతుంది. మధ్య నెలల్లో 48,000 చొప్పున 1.92 లక్షలు, చలి నెలల్లో 84,000 చొప్పున 2.52 లక్షలు. ఏడాదికి 5.04 లక్షల లోటు. ఒక్క బండి ఉన్నవాడికి మంచి నెలల మిగులు 67,500, మధ్య నెలల మిగులు 24,000, చలి నెలల్లో నెలకు 30,000 చొప్పున 90,000 నష్టం. ఏడాది చివర చేతిలో 1,500 రూపాయలు. లాభం లేదు, నిజమే. కానీ బండి నడిచింది, కంతులు కట్టాడు. ఆ మూడు నెలలకు వేరే లోడు వెతుక్కున్నవాడు బాగుపడతాడు. నెలకు పది ట్రిప్పులు, ఒక్కోదానికి ఖర్చు పోను 2,000 మిగిలేవి దొరికినా ఏడాది మిగులు 61,500 అవుతుంది.

ఆ వేరే లోడు ఎక్కడ అంటే, ముందు మీ ఖాళీ దారినే చూడండి. ఉలవపాడు నుంచి కావలి, అక్కడి నుంచి పొద్దున్నే ఫ్యాక్టరీ దాకా 100 కిలోమీటర్లు మీరు గాలి మోస్తున్నారు. ఉలవపాడు అంటే మామిడి, సపోటా. సీజన్లో సాయంత్రం అక్కడ క్రేట్లు ఎక్కించుకుని తెల్లవారకముందే నెల్లూరు మార్కెట్లో దించి, అటునుంచి అటే ఫ్యాక్టరీ క్యూలోకి పోవచ్చు. వరి కోతల్లో మిల్లులకు ధాన్యం బస్తాలు ఉంటాయి. 1,800 కిరాయి ఇచ్చినా చాలు. బండి ఎలాగూ ఆ దారినే రావాలి కాబట్టి అదనపు డీజిల్ రెండున్నర లీటర్లే. అదీ, బ్రోకర్ కమీషనూ పోను 1,400 మిగులుతుంది. నెలకు పది అలా దొరికితే 14,000, అంటే దాదాపు ఆరు మేత ట్రిప్పుల మిగులుతో సమానం. రెండో బండి గురించి ఆలోచించే ముందు మొదటి బండి ఖాళీ దారి నింపాలనేది అందుకే.

ఒక్క జాగ్రత్త. మేత బండిలో ఎరువులు, పురుగుమందులు ఎక్కించొద్దు. వాసన ఉన్నా, ఫ్లోరు తడిగా ఉన్నా ఫ్యాక్టరీ వాళ్లు లోడు ఎక్కించకుండా తిప్పి పంపుతారు. తడి తగిలిన బస్తా బూజు పడితే ఆ డబ్బు మీ కిరాయిలో కోస్తారు. పండ్లు దించాక ఊడ్చి, ఆరబెట్టి, కింద పట్టా పరచాలి.

ఓవర్‌లోడ్ విషయం కూడా ఇక్కడే చెబుతా. ఈ సైజు బండి మొత్తం బరువు 7.5 టన్నుల లోపు ఉంటుంది. బాడీతో ఖాళీ బరువు మూడున్నర పోతే సరుకు 4 టన్నులు, అంటే 25 కిలోల బస్తాలు 160. డీలర్ "ఇంకో 40 వెయ్యి" అంటాడు, కిరాయి మాత్రం అంతే. పట్టుబడితే చట్టం ప్రకారం 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. ఒక్కసారికి తొమ్మిది ట్రిప్పుల మిగులు పోయినట్టే.

లోన్ గురించి. మీకు చెప్పిన 7 శాతం ఫ్లాట్ వడ్డీ. 13 లక్షలకు ఐదేళ్లూ పూర్తి అసలు మీదే వడ్డీ కట్టినట్టు లెక్క: 4.55 లక్షల వడ్డీ, మొత్తం 17.55 లక్షలు, దాన్ని 60తో భాగిస్తే మీ 29,250. అసలు తగ్గే కొద్దీ వడ్డీ తగ్గే పద్ధతిలో చూస్తే ఇది 12.5 శాతంతో సమానం. ఇంకో బ్యాంకు "11 శాతం, తగ్గే వడ్డీ" అంటే వినడానికి 7 కంటే ఎక్కువలా ఉంటుంది, కంతు మాత్రం 28,265 పడుతుంది. నెలకు వెయ్యి తేడా, ఐదేళ్లకు 59 వేలు. 2024 అక్టోబర్ నుంచి ఇలాంటి లోన్లకు సంతకం ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, వాళ్లే అంటగట్టే ఇన్సూరెన్సు లాంటివన్నీ కలిపిన అసలు రేటు అది. ఇద్దరు ముగ్గురి దగ్గర ఆ కాగితాలు తీసుకుని ఆ ఒక్క అంకె పోల్చండి, ఏజెంటు నోటిమాట వదిలేయండి.

మీ 8 లక్షల్లో 4 కట్టి ఒక బండి తెచ్చుకోండి. మిగతా 4 కదపొద్దు. మేత డీలర్లు కిరాయి నెలకో, నలభై రోజులకో ఇస్తారు, ఎందుకంటే వాళ్లకూ రైతు పట్టుబడి తర్వాతే కదా డబ్బొచ్చేది. మీకు డీజిల్ మాత్రం ఈరోజే పోయించాలి. మొదటి నెల 25 ట్రిప్పులకు 90,000, తప్పని ఖర్చులు 54,000, కలిపి 1.44 లక్షలు మీ జేబులోంచి పోయాకే మొదటి కిరాయి చేతికొస్తుంది. చలి నెలలకు 90 వేలు పక్కన పెట్టండి. మిగిలిన లక్షన్నర చిల్లర యాక్సిడెంటుకో, ఇంజిన్ పనికో ఉంచాలి. నేను రెండో బండికి ఉన్న డబ్బంతా డౌన్ పేమెంటు కట్టేసి, డీజిల్‌కు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఆ ఏడాది నాకు మిగిలినదంతా వడ్డీ వ్యాపారికే పోయింది. కంతు తేదీ డీలర్ డబ్బిచ్చే తేదీకి వారం తర్వాత పడేలా ముందే రాయించుకోండి. తర్వాత మార్చమంటే మార్చరు.

డ్రైవర్‌కు 18 వేలు స్థిరంగా ఇస్తే పాతికో ట్రిప్పు వేయాలన్న తొందర అతనికి ఉండదు. పూర్తిగా ట్రిప్పు మీద ఇస్తే మంచి నెలల్లో నిద్రమానుకుని తోలతాడు, చలి నెలల్లో ఇంకో బండికి వెళ్లిపోతాడు. నేను చేసేది మధ్య దారి: 15,000 జీతం, ట్రిప్పుకు 120, బత్తా వేరు. పాతిక ట్రిప్పులైతే అదే 18,000. పది ట్రిప్పుల నెలలోనూ 16,200 వస్తుంది కాబట్టి మనిషి నిలబడతాడు. డ్రైవర్ సెలవు పెట్టిన రోజు బండి ఆగకూడదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతో తోలొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఆర్‌సీలో బరువు చూసుకుని ఆ రోజు మీరే ఎక్కొచ్చు.

డీజిల్ దగ్గర అనుమానం, గొడవ తప్పవు. దానికి ఒకే మందు: ఎప్పుడూ ఒకే బంకులో, ట్రిప్పు అయ్యాక ట్యాంకు మూతి దాకా నింపడం, రీడింగు రాయడం. మీ ట్రిప్పుకు 22.5 లీటర్లు కొలమానం. అంతకంటే తక్కువ తాగితే మిగిలిన దాంట్లో సగం డబ్బు నెలాఖరున డ్రైవర్‌కే. ఎక్కువైతే వెంటనే దొంగతనం అనకండి. నా దగ్గర ఒక బండి 22 నుంచి 25 లీటర్లకు ఎక్కింది. డ్రైవర్‌ను నలుగురిలో మాటన్నాను, మానేసి వెళ్లిపోయాడు. కొత్త డ్రైవరొచ్చినా అవే 25. చివరకు వెనక బ్రేకు ఒకటి పట్టేసి ఉందని తేలింది. ట్రిప్పు నుంచి రాగానే చక్రం డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూసుంటే మొదటి రోజే తెలిసేది, మిగతావాటి కంటే ఆ ఒక్కటీ కాలిపోతోంది. ఆ పాత డ్రైవర్‌ను తిరిగి తెచ్చుకోడానికి వాళ్ల ఊరు రెండుసార్లు వెళ్లాను. రాలేదు.

టోల్ 400 కూడా తగ్గించుకోవచ్చు. టోల్‌ప్లాజా ఉన్న జిల్లాలోనే రిజిస్టర్ అయిన కమర్షియల్ బండికి సగం రేటు రాయితీ హైవే ఫీజు నిబంధనల్లో ఉంది. కానీ నేషనల్ పర్మిట్ ఉన్న బండికి అది వర్తించదు. మీ మేత లైను అంతా రాష్ట్రంలోనే కాబట్టి, ఎప్పుడో ఒక చెన్నై లోడు కోసమని నేషనల్ పర్మిట్ తీసుకుంటే పర్మిట్ ఫీజు ఏడాదికి 16,500 పోవడమే కాక ఈ రాయితీ కూడా పోతుంది.

రెండో బండి ఎప్పుడు? ఇప్పటి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టి, మీరు బయటి బండ్లకు ఇచ్చిన ట్రిప్పులు మాత్రమే నెలవారీగా రాయండి. వాటి కిరాయి, ఎవరి లోడు, ఎన్ని రోజులకు డబ్బొచ్చింది కూడా. చలి నెలలు కలిసిన ఆరు నెలల్లో ఆ అంకె సగటున 23 దాటి, అందులో కనీసం మూడో వంతు మేత కాని లోడు అయితే, ఆ నోట్‌బుక్ పట్టుకుని ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లండి. పికప్ మాత్రం అమ్మొద్దు. పెద్ద బండి దిగలేని చెరువు గట్ల మీదికి ఇరవై ముప్పై బస్తాలు చేర్చడానికి అదే కావాలి, పైగా దాని కంతు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.